ఒంగోలు ఎండల్లో కరగని పన్నకోటా, నీరు వదలని మామిడి సాసు, మెత్తబడని క్రంబుల్

ప్రశ్న: "ఒంగోలులో 28 గదుల హోటల్ మాది, కింద 60 సీట్ల రెస్టారెంట్. ఇన్నాళ్లూ గులాబ్ జామూన్, ఐస్‌క్రీమ్‌తో నెట్టుకొచ్చాం. ఇప్పుడు ఓనరు గారు ప్లేటెడ్ డెజర్ట్ ఒక్కటైనా పెట్టమంటున్నారు. మామూలు రోజు 25 పోతాయి, శని ఆదివారాలు 40. ఒక హెల్పరు, ఒక ఒవెన్, రెండు డోర్ల ఫ్రిజ్ ఒకటి, డీప్ ఫ్రీజరు ఒకటి ఉన్నాయి. రెండుసార్లు ప్రయత్నించాం. పన్నకోటా ప్లేటులోనే కరిగింది, మామిడి సాసు చుట్టూ నీళ్లు వదిలింది, పొద్దున కాల్చిన క్రంబుల్ సాయంత్రానికి మెత్తబడింది. ఏది ముందే చేసి పెట్టుకోవచ్చు సార్, ఎన్నాళ్లు ఉంటుంది?"

మీరు ఎంచుకున్న డెజర్ట్ సరైనదే, దాన్ని మార్చకండి. పాలు, క్రీమ్‌ని గడ్డకట్టించి చేసే పన్నకోటాను జెలటిన్ బదులు అగర్ పొడితో చేయండి, మూత వేసి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు నిక్షేపంగా ఉంటుంది, మూడో రోజు ఆఖరు. మామిడి గుజ్జును ఉడికించి సీజన్‌లోనే ఫ్రీజర్‌కి ఎక్కించండి, చిక్కబరచడం మాత్రం వాడే రోజున. మైదా, వెన్న నలిపి కాల్చే కరకరలాడే క్రంబుల్‌ను పచ్చిగా ఫ్రీజర్‌లో ఉంచి, ఏ రోజుకి కావలసింది ఆ రోజు కాల్చండి. ఈ మూడూ ఒకదాన్నొకటి ముట్టుకునేది ఆర్డర్ వచ్చాకే.

చిన్న కిచెన్‌లో డెజర్ట్ సెక్షన్ అంటే నా లెక్కలో ఇంతే. ఒక మెత్తనిది, ఒక పుల్లటి సాసు, ఒక కరకరలాడేది, పైన అప్పటికప్పుడు కోసిన పండు. వీటిలో ప్రతిదానికీ నిలవ ఉండే కాలం వేరు, పాడయ్యే తీరు వేరు. ముందే ప్లేటులో పేర్చి ఫ్రిజ్‌లో పెడితే అన్నిటికన్నా తక్కువ నిలవ ఉండేదాని ఆయుష్షే మొత్తం ప్లేటుకి వస్తుంది. విడిగా డబ్బాల్లో ఉంచితే దేని ఆయుష్షు దానిదే.

పన్నకోటా ఎందుకు కరిగింది

జెలటిన్‌తో గడ్డకట్టినది 30 నుంచి 35 డిగ్రీల మధ్యే కరగడం మొదలుపెడుతుంది. నోట్లో వెన్నలా కరిగిపోయే గుణం దానికి అక్కడి నుంచే వచ్చింది. మే నెలలో మన దగ్గర బయట 42 దాటుతుంది, తందూరు పక్కన ఉన్న పాస్ దగ్గర, అంటే కిచెన్ నుంచి ప్లేట్లు అందించే బల్ల మీద, ప్లేటు ముట్టుకుంటేనే వెచ్చగా తగులుతుంది. ఆ ప్లేటు మీద జెలటిన్ పన్నకోటా పెట్టి, కెప్టెన్ వచ్చి తీసుకెళ్లేదాకా మూడు నిమిషాలు ఆగితే అడుగు జారిపోతుంది. మీ కొలత తప్పై ఉండకపోవచ్చు, ఆ వేడికి ఆ పదార్థమే నిలవదు.

అగర్, అంటే మన ఇళ్లలో చైనా గ్రాస్ అనేది, సముద్రపు నాచు నుంచి వస్తుంది. 35 నుంచి 40 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, మళ్లీ కరగాలంటే 85 దాకా వేడెక్కాలి. అంటే ఫ్రిజ్‌లో పెట్టకముందే బల్ల మీదే బిగుసుకుంటుంది, వేడి ప్లేటు మీద కూడా నిలబడుతుంది. పైగా జెలటిన్ జంతువుల ఎముకల నుంచో చర్మం నుంచో తీసేది. "ఇది వెజ్జేనా?" అని టేబుల్ దగ్గర అడిగితే మీ కెప్టెన్ తడుముకోకూడదు. అగర్‌తో చేస్తే ఆ బెడద లేదు, గుడ్డు కూడా పడదు కాబట్టి శాకాహారులకు ధైర్యంగా పెట్టొచ్చు.

నష్టం లేకపోలేదు. జెలటిన్ ఇచ్చే ఆ మార్దవం అగర్‌కి రాదు. కాస్త ఎక్కువైతే జున్నుముక్కలా విరుగుతుంది. అందుకే కొలత గ్రాముల్లో ఉండాలి. 0.1 గ్రాము చూపించే చిన్న కాటా కొనండి, కొన్ని వందల్లో వస్తుంది. అగర్ పొడిని చెంచాతో కొలిస్తే ఒక్కో కంపెనీ పొడికి ఒక్కో బరువు తూగుతుంది. దారాల రూపంలో వచ్చే చైనా గ్రాస్ ఇంట్లో చేసుకోవడానికి బాగుంటుంది గానీ హోటల్‌కి వద్దు. రోజూ ఒకేలా రాదు.

10 ప్లేట్లకి, ఒక్కోటి సుమారు 100 మి.లీ. చొప్పున:

వెన్న తీయని పాలు 600 మి.లీ., టెట్రా ప్యాకెట్‌లో వచ్చే 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్ 400 మి.లీ., పంచదార 90 గ్రా., చిటికెడు ఉప్పు, వెనిలా. అగర్ పొడి గ్లాసులోనే వడ్డిస్తే 3 గ్రా., అచ్చులోంచి బోర్లించాలంటే 4 గ్రా.

చల్లటి పాలలోనే పంచదార, అగర్ పొడి వేసి విస్క్‌తో కలిపి 10 నిమిషాలు వదిలేయండి. వేడి పాలలో పొడి చల్లితే ఉండలు కడుతుంది, ఎంత తిప్పినా విడిపోదు. తర్వాత సన్నటి సెగ మీద, గరిటె గిన్నె అడుగును గీకేలా తిప్పుతూ మరిగించాలి. అగర్ అడుగుకి దిగుతుంది, కదపకపోతే అక్కడే అంటుకుని మాడుతుంది. తెర్లు వచ్చిన దగ్గర్నుంచి నిండా రెండు నిమిషాలు ఉడకాలి. హెల్పరు కుర్రాళ్లు తొందరపడేది ఇక్కడే. పొంగు రాగానే దించేస్తే అగర్ సగమే కరుగుతుంది. పైకి నున్నగా కనిపిస్తుంది గానీ, తెల్లారి చూస్తే అడుగున ఇసుకలా గరుకు, పైన జారుడు.

క్రీమ్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పోయకండి. చల్లటి ధార తగిలిన చోట అగర్ వెంటనే బిగుసుకుని సన్నటి పోగులు కడుతుంది. గోరువెచ్చగా చేసి, స్టవ్ కట్టాక, తిప్పుతూ పోయండి. సన్న జల్లెడలో వడకట్టి, 60 డిగ్రీల దగ్గర ఉండగానే కప్పుల్లోకి పోసేయాలి. మధ్యలో ఫోను వచ్చిందని గిన్నె వదిలి వెళ్తే 45 దగ్గరే అంచులు పట్టడం మొదలవుతుంది. దాన్ని కలిపి పోస్తే విరిగిన పెరుగులా కనిపిస్తుంది.

ప్రతి గిన్నెకీ ఒక పరీక్ష తప్పనిసరి. ఫ్రీజర్‌లో ఒక చిన్న స్టీలు పళ్లెం ఉంచుకోండి. పోసే ముందు ఒక చెంచా మిశ్రమం దాని మీద వేసి రెండు నిమిషాలు ఆగి, వేలితో అంచుని లోపలికి తోయండి. ముడతపడి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉంది. ముక్కగా విరిగితే గట్టిది, కొద్దిగా వెచ్చటి పాలు కలపాలి. వేలికి అంటుకుని సాగితే పలచన, ఇంకో నిమిషం ఉడికించాలి లేదా అర గ్రాము అగర్‌ను కొద్దిపాటి నీళ్లలో విడిగా మరిగించి కలపాలి. అగర్‌లో ఉన్న మంచి గుణం ఇది: మళ్లీ మరిగించినా చెడదు. బిగుసుకున్నాక మొత్తం గట్టిగా వచ్చిందని తేలినా పారబోయక్కర్లేదు. ముక్కలు చేసి, లీటరుకి 100 మి.లీ. పాలు పోసి, అడుగంటకుండా మళ్లీ తెర్లించి పోసుకోవచ్చు. ఇలా ఒక్కసారే, అదీ అదే రోజు చేసిన సరుకు మీద మాత్రమే.

చల్లార్చే పద్ధతి నిలవ కాలాన్ని నిర్ణయిస్తుంది. పాల సరుకు 60 డిగ్రీల నుంచి రెండు గంటల్లో 21కి, ఆ తర్వాతి నాలుగు గంటల్లో 5కి దిగాలి. చిన్న కప్పులకి ఇది కష్టమేం కాదు. కప్పుల ట్రేని ఐస్ నీళ్లు పోసిన పెద్ద ట్రేలో అరగంట నిలబెట్టి, ఆవిరి పూర్తిగా ఆగాక మూత వేసి ఫ్రిజ్‌లోకి పంపండి. ఆవిరి పోకుండా మూత వేస్తే, మూత నుంచి చుక్కలు పడి పైన గుంటలు పడతాయి. ట్రే మీద ట్రే పేర్చి పెడితే మధ్యలోవి రాత్రంతా వెచ్చగానే ఉంటాయి, మర్నాటికి పులిసిన వాసన వచ్చేది అవే.

ఫ్రిజ్‌లో ఎక్కడ పెడుతున్నారు అన్నది చూడండి

రెండు డోర్ల ఇంటి ఫ్రిజ్‌లో వెనక గోడన చల్లగాలి వచ్చే రంధ్రాలు ఉంటాయి. వాటికి ఆనించిన కప్పులు అంచుల్లో గడ్డకడతాయి. అగర్‌కి అది చేటు. అసలు అగర్ తయారీలోనే దాన్ని గడ్డకట్టించి, కరిగించి, నీటిని వేరుచేస్తారు. మీ పన్నకోటా గడ్డకట్టి కరిగినా జరిగేది అదే, స్పాంజి పిండినట్టు నీళ్లన్నీ బయటికొస్తాయి. గోడకి జానెడు దూరం ఉంచండి. అగర్ పన్నకోటాని డీప్ ఫ్రీజర్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

రెండో రోజుకి కప్పు అంచున అర చెంచా నీరు కనబడటం మామూలే, టిష్యూతో అద్దేయండి. రెండు చెంచాలు వచ్చిందంటే అగర్ ఎక్కువైంది, లేదా బిగుసుకునేటప్పుడు ఎవరో కదిపారు.

ఫ్రిజ్ తలుపు మీద అంకెను నమ్మకండి. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి మధ్య అరలో ఉంచి, పొద్దున తలుపు తెరిచిన మొదటిసారి చూడండి. 5 లోపు ఉండాలి. రాత్రి రష్‌లో తలుపు ఊరికే తెరిచి మూస్తుంటే 10 దాటుతుంది, అందుకే ఒక పూటకి కావలసిన పది పన్నెండు కప్పుల్ని ఐస్ ప్యాకులు వేసిన ఐస్ బాక్సులో పాస్ దగ్గర పెట్టుకోండి. తతిమ్మావి కదలకుండా ఉంటాయి.

ఇంకొకటి. మన ఊళ్లలో ఏ హోటల్ ఫ్రిజ్ తెరిచినా ఏదో ఒక అరలో చేపల పులుసు ఉంటుంది. పులుసు రేపటికి ఇంకా బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ పాలకొవ్వు ఏ వాసననైనా పట్టేసుకుంటుంది, బిగువు మూత లేని పన్నకోటా రాత్రికి రాత్రి పులుసు వాసన ఎక్కుతుంది. పచ్చి చేప, చికెన్ ఎప్పుడూ కింది అరలో, డెజర్ట్ దానికి పైన, మూతతో. వీలైతే ఓనరు గారిని అడిగి డెజర్ట్‌కి చిన్న ఫ్రిజ్ ఒకటి విడిగా వేయించుకోండి. ఈ సెక్షన్‌కి పెట్టే మొదటి ఖర్చు అదే అయితే మంచిది, అచ్చులూ రంగుల ప్లేట్లూ తర్వాత చూసుకోవచ్చు.

మామిడి సాసు నీళ్లెందుకు వదిలింది

పచ్చి గుజ్జును మిక్సీ పట్టి వదిలేస్తే, పండులోనే ఉన్న ఎంజైములు దాని చిక్కదనాన్ని నెమ్మదిగా తినేస్తాయి. గంటకో రెండు గంటలకో గుజ్జు ఒక పక్కకి, పలచటి రసం ఒక పక్కకి పోతాయి. ఫ్రీజర్‌లో పెట్టి కరిగిస్తే ఇంకా ఎక్కువ. దీనికి మందు వేడి. గుజ్జు 85 డిగ్రీలు దాటి రెండు నిమిషాలు ఉంటే ఆ ఎంజైములు చచ్చిపోతాయి, పులియడం కూడా ఆగుతుంది.

ఉలవపాడు బంగినపల్లి వచ్చే ఏప్రిల్, మే, జూన్‌లలోనే ఆరు నెలలకి సరిపడా చేసుకోండి. బంగినపల్లిలో పీచు లేదు కాబట్టి పని తేలిక, రసాలైతే జల్లెడ పట్టాలి. కిలో గుజ్జుకి 100 గ్రా. పంచదార, 20 మి.లీ. నిమ్మరసం, 2 గ్రా. ఉప్పు. పండు తీపిని బట్టి పంచదార అటూ ఇటూ చేసుకోండి, కానీ రుచి చూసేటప్పుడు ఒక చెంచా చల్లార్చి చూడండి. వేడిగా ఉన్నప్పుడు తీపిగా అనిపించినది ఫ్రిజ్ చల్లదనంలో చప్పబడుతుంది. స్టీలు గిన్నె వాడండి, పులుపుకి అల్యూమినియం పనికిరాదు. 85 తగిలి రెండు నిమిషాలు కాగానే దించి ఐస్ నీళ్లలో చల్లార్చండి. అంతకన్నా ఎక్కువసేపు కాగనిస్తే మామిడి వాసన పోయి తాండ్ర వాసన వస్తుంది. తాండ్ర మనకి ఇష్టమే గానీ ఇక్కడ అది వద్దు.

500 గ్రాముల ప్యాకెట్లలో పోసి, గాలి తీసి, పలకల్లా పరిచి గడ్డకట్టించండి. పలకలైతే పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు, తొందరగా కరుగుతాయి కూడా. మైనస్ 18లో ఆరు నెలల దాకా రంగు, రుచి బాగానే ఉంటాయి. వాడే ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి దించండి, బల్ల మీద కరిగించొద్దు. కరిగాక మూడు రోజుల్లో వాడేయాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు.

చిక్కదనం ఈ దశలో ఇవ్వాలి. జాంతన్ గమ్ దొరికితే కిలోకి 2 గ్రా. చాలు. దాన్ని నేరుగా సాసులో చల్లితే చేపకళ్లలాంటి ఉండలు కడుతుంది. అందుకే రెండు చెంచాల పంచదారలో కలిపి, మిక్సీ తిరుగుతుండగా కొద్దికొద్దిగా వేయండి, తర్వాత బుడగలు పోయేదాకా అరగంట వదలండి. అది లేకపోతే కార్న్‌ఫ్లోర్ 10 గ్రా. చల్లటి నీళ్లలో కలిపి పోసి ఒక నిమిషం మరిగించండి, సరిపోతుంది. అయితే కార్న్‌ఫ్లోర్ వేశాక ఫ్రీజర్‌కి పంపితే కరిగాక మళ్లీ నీళ్లు వదులుతుంది. చిక్కబరచడం ఆఖర్న అని నేను మొదట్లో అన్నది ఇందుకే.

సాసు సిద్ధమైందా లేదా తెలియాలంటే, చల్లటి తెల్ల ప్లేటు మీద చెంచాతో ఒక గీత లాగి నిమిషం చూడండి. గీత అంచు గీతలాగే ఉండాలి. దాని చుట్టూ పలచటి పసుపు తడి ఉంగరంలా పాకితే ఇంకాస్త గమ్ కావాలి. గీత ఉబ్బెత్తుగా, జెల్లీలా నిలబడితే ఎక్కువైంది, కాస్త గుజ్జు కలిపి సరిచేయండి.

క్రంబుల్

ఇది అందరికీ తేలిగ్గా అనిపిస్తుంది, కస్టమరుకి తప్పు మొదట తెలిసేది మాత్రం ఇందులోనే. మైదా, పంచదార, జీడిపప్పు పొడి, వెన్న సమానంగా, ఒక్కోటి 100 గ్రా. జీడిపప్పు మీకు వేటపాలెం నుంచి బద్దలు, నలుసులు తక్కువ ధరకే వస్తాయి, గుండ్లు కొనక్కర్లేదు. మార్కెట్లో దొరికే టేబుల్ బటర్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి విడిగా వేయొద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి వెన్నను ముక్కలు చేసి పిండిలో వేళ్లతో నలిపి, శనగగింజంత ఉండలు అయ్యేసరికి ఆపేయండి. కిచెన్ వేడికి వెన్న కరిగితే అది చపాతీ పిండిలా ముద్ద కట్టి, కాల్చాక బిస్కెట్ పలక అవుతుంది. అలా అయ్యేలా ఉంటే గిన్నెతో సహా పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి మళ్లీ మొదలుపెట్టండి.

నాలుగు రెట్లు ఒకేసారి చేసి, 400 గ్రాముల ప్యాకెట్లుగా పచ్చిగానే ఫ్రీజర్‌లో ఉంచుకోండి, నెల రోజులు ఉంటుంది. ఒక ప్యాకెట్ కాలిస్తే సుమారు 370 గ్రాములు వస్తుంది. ప్లేటుకి 12 గ్రాములు, అంటే ఒక గుండ్రటి టేబుల్ స్పూను, వేసుకుంటే 30 ప్లేట్లు.

ఫ్రీజర్ నుంచి నేరుగా ట్రే మీద పలచగా పరిచి 160 డిగ్రీల్లో 20 నుంచి 25 నిమిషాలు కాల్చండి, పది నిమిషాలకి ఒకసారి గరిటెతో కదపాలి. మీ క్రంబుల్ సాయంత్రానికి మెత్తబడటానికి మొదటి కారణం బహుశా ఇదే, లోపల తడి ఆరకముందే తీసేసి ఉంటారు. ఒవెన్‌లో వేడిగా ఉన్నప్పుడు అన్నీ మెత్తగానే ఉంటాయి, నొక్కి చూస్తే తెలియదు. అన్నిటికన్నా పెద్ద ఉండను బయటికి తీసి రెండు నిమిషాలు ఆరనిచ్చి విరవండి. లోపలి రంగు పైరంగులాగే పొడిగా, లేత గోధుమ రంగులో ఉండాలి. మధ్యలో ముదురుగా, తడిసిన ఇసుకలా ఒక చుక్క కనిపిస్తే మరో నాలుగైదు నిమిషాలు కావాలి.

రెండో కారణం గాలి. మనది సముద్రపు గాలి తగిలే ప్రాంతం, పంచదార ఆ తేమని లాగేసుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు మన తీరప్రాంతాన్ని ముంచెత్తే రోజుల్లో అయితే తెరిచి ఉంచిన క్రంబుల్ గంటలో చెడుతుంది. ట్రే మీదే పూర్తిగా చల్లారనిచ్చి, చేతికి ఏమాత్రం వెచ్చదనం తగలనప్పుడు డబ్బాకెత్తండి. వెచ్చగా మూస్తే దాని ఆవిరికి అదే మెత్తబడుతుంది. ఒక పెద్ద డబ్బా వద్దు, మూడు చిన్నవి పెట్టండి. పూటకొకటి తెరిస్తే మిగతావి బిగుతుగానే ఉంటాయి. తినే పదార్థాలకి వాడే సిలికా జెల్ పొట్లం ఒక్కోదాంట్లో వేయండి. డబ్బా ఇడ్లీ స్టీమరుకీ గిన్నెలు కడిగే చోటుకీ దూరంగా ఉండాలి, ఫ్రిజ్‌లో మాత్రం కాదు. ఇలా ఉంచితే ఐదు రోజులు కరకరలాడుతుంది. కాస్త మెత్తబడినట్టుంటే 150 డిగ్రీల్లో ఐదారు నిమిషాలు వేసి చల్లారిస్తే తేరుకుంటుంది, రెండోసారి మాత్రం చేదెక్కుతుంది.

కారమెల్ పలకలు, పంచదార పాకంతో చేసే సన్నటి అలంకారాలు ఫొటోల్లో బాగుంటాయి. మన తేమలో అవి అరగంటలో జిగటగా మారి చేతికంటుకుంటాయి, వాటి జోలికి పోకండి. ఒవెన్ చెడిపోయిన రోజున దారి కావాలంటే గుల్లగా ఉండే గట్టి మైసూర్‌పాక్ తెచ్చి నలిపి వాడండి. ఒంగోలులో ఉండి దానికి కొదవా! తీపి ఎక్కువ కాబట్టి సగం మోతాదు చాలు.

ఒక శని ఆదివారం లెక్క

శుక్రవారం 25, శనివారం 40, ఆదివారం 40, మొత్తం 105 ప్లేట్లు. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా స్టవ్‌లు ఖాళీగా ఉండే వేళనే పన్నకోటాకి కేటాయించండి. గురువారం నాలుగు లీటర్లు చేస్తే 40 కప్పులు. అందులో 25 శుక్రవారం పోతాయి, మిగిలిన 15 శనివారం మధ్యాహ్నానికి. శుక్రవారం మళ్లీ నాలుగు లీటర్లు, శనివారం రాత్రికి 25, ఆదివారం మధ్యాహ్నానికి 15. శనివారం మూడు లీటర్లు, ఆదివారం రాత్రికి 25, ఐదు అదనం. ఇలా తిప్పితే ఏ కప్పూ రెండు రోజులు దాటి ఫ్రిజ్‌లో ఉండదు, ఫ్రిజ్‌లో ఏ సమయంలోనూ 80కి మించి కప్పులు ఉండవు. ఒకేసారి 105 చేసి కూర్చోవాలనుకుంటే ఆ ఫ్రిజ్ వాటిని చల్లార్చలేదు.

నాలుగు లీటర్లకి పాలు 2.4 లీటర్లు, క్రీమ్ 1.6 లీటర్లు, పంచదార 360 గ్రా., అగర్ గ్లాసుకైతే 12 గ్రా., అచ్చుకైతే 16 గ్రా. గిన్నె పెద్దదైనప్పుడు అంచుల్లో బుడగలు ముందే కనిపిస్తాయి, మధ్యలో తెర్లినప్పటి నుంచే రెండు నిమిషాలు లెక్కపెట్టాలి.

సాసు ప్లేటుకి 30 గ్రాములు. గురువారం రాత్రి రెండు ప్యాకెట్లు, శుక్రవారం రాత్రి రెండు, శనివారం రాత్రి మూడు ఫ్రిజ్‌లోకి దింపండి. క్రంబుల్ శుక్రవారం ఒక ప్యాకెట్, శనివారం రెండు, ఆదివారం పొద్దున ఒకటి. ప్రతి డబ్బా మీద మాస్కింగ్ టేపు అంటించి పేరు, చేసిన రోజు, సమయం, పారేయాల్సిన రోజు రాయించండి. "నిన్నటిదే అన్నా" అనే మాట మీద ఏదీ ప్లేటెక్కకూడదు.

ప్లేటు వేయడం

ప్లేటు చల్లగా ఉండాలి. అచ్చులో పెట్టిన అగర్ పన్నకోటాని జెలటిన్ దానిలా వేడి నీళ్లలో ముంచితే ఊడి రాదు, ఆ వేడికి అది కరగదు కదా. వేలితో అంచుని చుట్టూ మెల్లగా లోపలికి లాగి, ఒక చోట గాలి దూరేలా చేసి బోర్లిస్తే తనంతట తనే జారుతుంది. ముందు ప్లేటు మీద చిటికెడు క్రంబుల్ వేసి దాని మీద దించండి, టేబుల్ చేరేదాకా జారకుండా పట్టి ఉంచుతుంది. పక్కన సాసు, సాసుకి తగలకుండా మిగతా క్రంబుల్, పైన ఆ పూటే కోసిన మామిడి ముక్కలు 25 గ్రాములు. మొత్తం ఒకటిన్నర నిమిషం పని. క్రంబుల్ తడిలో ఐదు నిమిషాలకి మించి ఆగదు, అందుకే కెప్టెన్ పాస్ దగ్గర నిలబడ్డాకే దాన్ని వేయాలి.

200 మంది ఫంక్షన్ వస్తే బోర్లించే పని పెట్టుకోకండి. గ్లాసుల్లోనే పోసి, సాసు పైన పోసి ఫ్రిజ్‌లో ఉంచి, క్రంబుల్ మాత్రం హాలు తలుపు దగ్గర ఇద్దరిని నిలబెట్టి వేయించండి.

సీజన్ అయిపోయి మీ ప్యాకెట్లూ అయిపోతే 3.1 కిలోల టిన్ను గుజ్జు వాడొచ్చు. తీపి కలిపిందా లేదా లేబుల్ చూసి, కలిపినదైతే పంచదార మానేసి నిమ్మరసం రెట్టింపు చేయండి. తెరిచిన టిన్నులో గుజ్జు ఉంచకూడదు, వెంటనే స్టీలు డబ్బాలోకి మార్చాలి. సపోటాతో చేద్దామని తప్పక అనిపిస్తుంది, ఉలవపాడు సపోటా అంత బాగుంటుంది మరి. కానీ దాన్ని ఉడికిస్తే ముదురు రంగుకి తిరిగి రుచి మొద్దుబారుతుంది, ఉడికించకపోతే నిలవ ఉండదు. కాబట్టి సపోటాని సాసుగా నిలవ చేయకండి. మధ్యాహ్నం కొంత, రాత్రికి కొంత, పచ్చిగానే మెదిపి, కొద్దిగా నిమ్మరసం పిండి, ఆ పూట మిగిలింది ఆ పూటే తీసేయండి.